ఫిల్టర్ కాఫీలో యాలకులు, చెక్క, శొంఠి: ఏది ఎక్కడ వేయాలి

"యాలకులు, దాల్చిన చెక్క, శొంఠి మూడూ మెత్తగా పొడి చేసి కాఫీ పొడిలో కలిపి ఫిల్టర్‌లో వేశాను. డికాషన్ సరిగా దిగలేదు, దిగినంత వరకూ విపరీతమైన చేదు. ఏది ఎంత వేయాలి, దేనితో ఏ రుచి వస్తుంది?"

మీ డికాషన్‌ని ఆపింది చెక్క పొడి. కడపలో మా ఇంట్లోనూ ఒకసారి అచ్చం ఇలాగే అయింది. రాత్రి ఫిల్టర్ వేసి పడుకుంటే, పొద్దున ఆరున్నరకి కింది గిన్నెలో రెండు చెంచాలు కూడా లేదు. పైన చూస్తే పొడంతా బంకలా ఉంది. దాల్చిన చెక్క పొడికి వేడినీళ్లు తగిలితే ఉబ్బి జిగురవుతుంది, ఫిల్టర్ చిల్లులు మూసుకుపోతాయి. నీళ్లు గంటలకొద్దీ కాఫీ పొడి మీదే నిలబడితే అందులోని చేదంతా ఊరుతుంది. కాబట్టి మీకు తగిలిన చేదులో ఎక్కువ భాగం కాఫీదే.

ఆ రోజు నుంచి చెక్కని పాలల్లోనే వేస్తున్నాను. రెండు కప్పులకి బొటనవేలి గోరంత ముక్క చాలు. పాలు పొంగాక మంట తగ్గించి మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ముక్క తీసేయాలి. చెక్క వాసనకే నాలుక తీపి అనుకుంటుంది, అందుకే నేను చక్కెర అరచెంచా తగ్గిస్తాను. ముక్క పెద్దదైతే మాత్రం తాగాక నోరు వగరుగా పొడిబారుతుంది. మీ పొడిలో చికోరీ ఎక్కువుంటే చెక్క వేయకపోవడమే మేలు. రెండూ కలిస్తే కాఫీ బరువుగా, మందులా ఉంటుంది. ఇంకో మాట. మన కిరాణా అంగళ్లలో దొరికే మందపాటి చెక్క ఎక్కువగా కాసియా రకం. అందులో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది, రోజూ ఎక్కువ మోతాదులో తీసుకుంటే కాలేయానికి మంచిది కాదు. వేలితో నలిపితే విరిగిపోయే పల్చటి పొరల చుట్ట సిలోన్ చెక్క. దాంట్లో ఈ గొడవ చాలా తక్కువ.

యాలకుల దగ్గర నన్ను తప్పుదారి పట్టించింది మా చిన్నాన్న. కువైట్‌లో పదేళ్లుండి వచ్చిన మనిషి, అక్కడి అరబ్బు కాఫీ గహ్వా అలవాటు. గుప్పెడు యాలకులు వేయమంటాడు. గహ్వాకి గింజలు లేతగా వేయిస్తారు, పాలుండవు, చికోరీ ఉండదు, అక్కడ అంత వాసన ఇముడుతుంది. అదే లెక్క మన పాల కాఫీలో వేస్తే పాయసం తాగినట్టే. రెండు కప్పులకి, అంటే నాలుగు చెంచాల కాఫీ పొడికి, ఒక్క కాయ. తొక్క తీసేయండి, మరిగితే అదో కట్టెపుల్ల రుచి ఇస్తుంది. గింజల్ని కచ్చాపచ్చాగా దంచి కాఫీ పొడిలో కలిపి ఫిల్టర్‌లోనే వేసి మూత పెట్టండి. పలుకులుగా ఉంటే చిల్లులు మూసుకోవు. పాలల్లో మరిగిస్తే వాసన ఆవిరితో పోయి వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, కప్పులో పెద్దగా మిగలదు. సరిగ్గా పడిన యాలక్కాయ మొదటి గుక్కకే ముక్కుకి చల్లగా తగిలి, తర్వాత కాఫీకి దారి వదిలేస్తుంది.

శొంఠి దీనికి పూర్తిగా ఉల్టా. మొదటి గుక్కలో తెలియదు, మూడో నాలుగో గుక్కకి గొంతులో మంట మొదలై, కప్పు ఖాళీ అయ్యాక కూడా ఉంటుంది. అందుకే రుచి చూసి "చాలలేదు" అని ఇంకో చిటికెడు వేయకండి, అందరూ చేసే తప్పు అదే. అల్లం ఎండేటప్పుడు దాని కారం ఇంకా ఘాటైన రూపంలోకి మారుతుంది, కాబట్టి పచ్చి అల్లం కొలత శొంఠికి పనికిరాదు. రెండు కప్పులకి రెండు చిటికెలు. కొమ్ము కొని దంచుకుని, పీచు పోయేలా జల్లించుకోండి.

మా అవ్వ పద్ధతి ఇది: పావు గ్లాసు నీళ్లలో శొంఠి వేసి రెండు నిమిషాలు మరిగించి, వడగట్టి, ఆ నీళ్లని కాగిన పాలల్లో పోసేది. ఆ తర్వాతే డికాషన్. పచ్చి అల్లంలో పాలని విరిచే ఎంజైమ్ ఒకటుంది, మరిగిస్తే పని చేయదు. శొంఠినీ ముందే మరిగిస్తే ఆ భయం ఉండదు. శొంఠి కాఫీకి చక్కెర కన్నా బెల్లం బాగుంటుంది, కానీ పొయ్యి మీద పాలు మరుగుతుండగా వేస్తే విరిగిపోవచ్చు. దించి, కాస్త వేడి తగ్గాక కలపండి.

మూడూ ఒకే కప్పులో వేస్తే దేని రుచీ తెలియదు. శొంఠి, యాలక్కాయ జంటగా బాగుంటాయి, అప్పుడు శొంఠి ఒక చిటికెడుకి తగ్గిస్తాను. చెక్క మాత్రం ఒంటరిగానే. కడప మే నెల ఎండలో మా ఇంట్లో శొంఠి డబ్బా తీయం, వానలు పడ్డాకే దాని వంతు.