బండి పోయింది, చేతికి రసీదు వచ్చింది

చిరంజీవి కిరణ్‌కి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం ఫోటో చూశాను. కింద "ఎఫ్ఐఆర్ అయిపోయింది మావయ్యా, ఇన్సూరెన్సుకి పంపేస్తున్నా" అని రాశావు. బండి పోయిందని ఇన్సూరెన్సు వాళ్లకి ఇవాళే చెప్పు, అందులో తప్పులేదు. కానీ ఆ కాగితాన్ని ఎఫ్ఐఆర్ అని మాత్రం పంపకు. పైన ఏ నంబరు వేసి ఉందో చూశావా? సిఎస్ఆర్ నంబరు. కమ్యూనిటీ సర్వీస్ రిజిస్టర్ అని తమిళనాడు స్టేషన్లలో ఒక పుస్తకం ఉంటుంది. ఫిర్యాదు అందిందని అందులో రాసుకుని ఇచ్చే రసీదు అది. నువ్వు స్టేషన్‌కి వెళ్లావని అది చెబుతుంది. కేసు కట్టారని చెప్పదు.

పారీస్ కార్నర్‌లో ముప్పై నాలుగేళ్లు వకీలు గుమాస్తాగా చేశాను కదా, ఈ రసీదు పట్టుకుని ఆరు నెలలు నిశ్చింతగా కూర్చున్న వాళ్లని ఎందరినో చూశాను. వాళ్ల దాకా ఎందుకు, నేనే కూర్చున్నాను. 1998లో నా స్కూటర్ పోతే రసీదు తెచ్చి ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాను. క్లెయిము దగ్గరికి వెళితే ఎఫ్ఐఆర్ ఏదీ అన్నారు. కోర్టు పక్కన పని చేసేవాడిని నేనే అలా చేస్తే, నెల్లూరు నుంచి వచ్చి ఏడాది కాని నిన్ను ఏమనగలను.

ఎఫ్ఐఆర్ అంటే ఏమిటో ముందు తెలుసుకో. కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి అడగకుండా పోలీసులు తమంతట తాము దర్యాప్తు మొదలుపెట్టగల నేరం జరిగిందని స్టేషన్‌కి అందిన మొదటి సమాచారం అది. పూర్వం సీఆర్‌పీసీ 154వ సెక్షన్ కింద రాసేవారు. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద రాస్తున్నారు. నువ్వు నోటితో చెప్పినా సరే, వాళ్లు రాసి, నీకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. కాపీ అప్పుడే ఉచితంగా ఇవ్వాలి. కాగ్నిజబుల్ నేరమని ఫిర్యాదులోనే తెలుస్తుంటే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం 2013లోనే చెప్పింది.

నీ బండి సంగతిలో రెండు మెలికలు ఉన్నాయి. దొంగతనానికి శిక్ష మూడేళ్ల వరకు. మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో, ముందు ప్రాథమిక విచారణ చేసి తర్వాత కేసు కట్టే వెసులుబాటు కొత్త చట్టం ఇచ్చింది. కాకపోతే దానికి డీఎస్పీ స్థాయి అధికారి, సిటీలో అయితే అసిస్టెంట్ కమిషనర్, అనుమతి ఉండాలి. పద్నాలుగు రోజుల్లో ముగించాలి. "విచారించి చూస్తాం తంబీ" అని స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే రైటర్ అన్నాడని చెప్పావుగా, ఆ మాటకు ఈ గడువు ఉందని గుర్తుపెట్టుకో. రెండో మెలిక విలువ. అయిదు వేల లోపు సొత్తు దొంగతనం కొత్త చట్టంలో కాగ్నిజబుల్ కాదు. నువ్వు రాసిచ్చిన ఫిర్యాదు కాపీ చూశాను, బండి విలువ ఎక్కడా వేయలేదు. "పాత బండి" అని మాత్రం రాశావు. అలా వదిలేస్తే ఆ ఖాళీని ఎవరికి వీలైనట్టు వాళ్లు నింపుకుంటారు. నీ పాలసీలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది, ఇన్సూరెన్సు వాళ్లు బండికి కట్టిన విలువ అది, చూసి రాయి.

రేపు మళ్లీ వెళ్లు. ఫిర్యాదు ఇంగ్లీషులో ఒక పేజీ దాటకుండా తిరగరాసుకుని, రెండు కాపీలు తీసుకుని వెళ్లు. గురువారం రాత్రి పది గంటలకు వేళచ్చేరిలో మీ ఇంటి గేటు పక్కన పెట్టావు, శుక్రవారం పొద్దున ఆరున్నరకు చూస్తే లేదు. ఈ రెండు సమయాలు, ఆ చోటు, రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, హ్యాండిల్ లాక్ వేశావా లేదా, విలువ. నంబరు ప్లేటు మార్చడం దొంగకి అయిదు నిమిషాల పని, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు చెరపడం అంత తేలిక కాదు. అందుకే ఆర్‌సీ చూసి ఒక్కో అంకె సరిచూసుకో. పొద్దున పోతే సాయంత్రం ఎందుకు వెళ్లావో కూడా ఒక వాక్యం రాయి. ముందు వీధంతా వెతికావు, తర్వాత ఆఫీసుకి సెలవు దొరకలేదు, అంతే కదా. ఆలస్యానికి కారణం అని ఆ ఫారంలోనే ఒక గడి ఉంటుంది. దాన్ని నువ్వు నింపకపోతే రేపు కోర్టులో అవతలి వకీలు నింపుతాడు.

మీ కింద గదిలో ఉండే కుర్రాడి మీద అనుమానం అన్నావు. అతను బండి తీయడం నువ్వు చూడలేదు. "అతనే తీశాడు" అని రాయకు. చూసింది చూసినట్టు, అనుమానం అనుమానంగా రాయి. అబద్ధమని తెలిసీ ఒకరి మీద చెబితే అదే నీ మీద నేరం అవుతుంది. పైగా ఎఫ్ఐఆర్‌లో ముద్దాయి పేరు ఉండి తీరాలని ఏమీ లేదు, "గుర్తు తెలియని వ్యక్తి" అంటే చాలు. కథ మొత్తం అందులో ఉండక్కర్లేదు కూడా. మిగతాది దర్యాప్తులో వాంగ్మూలంగా చెప్పొచ్చు. కాని ముఖ్యమైన ముక్క ఇప్పుడు వదిలేసి రేపు చెబితే, అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారు.

ఇక్కడ మన తెలుగువాళ్లు తప్పటడుగు వేసేది సంతకం దగ్గర. ఎఫ్ఐఆర్ తమిళంలో ఉంటుంది. నీకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చదివి వినిపించడం వాళ్ల బాధ్యతే, మొహమాటపడకుండా "ఒకసారి చదవండి సార్" అను. మీ ఓనరు కొడుకుని వెంట తీసుకెళితే ఇంకా మంచిది. ముఖ్యంగా మూడు చూడు. పైన క్రైమ్ నంబరు, సంవత్సరం ఉందా. దొంగతనానికి వేసే సెక్షన్, భారతీయ న్యాయ సంహిత 303(2), వేశారా. సమాచారం అందిన తేదీ, గంట శుక్రవారం సాయంత్రానివా, రేపటివా. రేపటిది వేస్తే, శుక్రవారం ఇచ్చిన సిఎస్ఆర్ నంబరు కూడా అందులో ఎక్కించమని అడుగు. ఆ రసీదుకి నిజంగా విలువ వచ్చేది అక్కడే. నువ్వు ఆలస్యం చేయలేదనడానికి అది సాక్ష్యం.

ఆ గంటకి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, దొంగ నీ బండి మీద వెళ్లి ఎవరి మెడలోనో గొలుసు లాగాడనుకో. కెమెరాలో నంబరు పడుతుంది, పోలీసులు నేరుగా నీ గది తలుపు కొడతారు. ఎవరినైనా గుద్దినా అంతే, ఆర్‌సీలో పేరు నీదే. దానికి ముందే బండి పోయిందని నమోదైన కాగితం ఒక్కటే అప్పుడు నీకు అడ్డం నిలుస్తుంది.

క్రైమ్ నంబరు పడ్డాక కేసు స్టేషన్ చేతిలో మాత్రమే ఉండదు. ఎఫ్ఐఆర్ ఆ ప్రాంతపు మేజిస్ట్రేటుకి వెంటనే వెళ్లాలి. ఏ తేదీన, ఏ గంటకు పంపారో ఆ ఫారం చివరనే రాస్తారు. ఎస్ఐ మీ ఇంటికి వచ్చి బండి పెట్టిన చోటు చూసి, పటం గీసి, ఇద్దరు సాక్షుల ముందు మహజరు రాస్తాడు. మీ నెల్లూరులో పంచనామా అంటారే, అదే. నీ దగ్గర, చుట్టుపక్కల వాళ్ల దగ్గర వాంగ్మూలాలు తీసుకుంటాడు. ఆ వాంగ్మూలం మీద నువ్వు సంతకం పెట్టక్కర్లేదు, అడిగినా చట్టం వద్దంటుంది. ఎదురు ఇస్త్రీ దుకాణం పైన కెమెరా ఉందన్నావు. కొన్నాళ్లకి పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కి చెరిగిపోతుంది, కాబట్టి చెరపొద్దని ఆ ఇంటాయనకు ఇవాళే చెప్పి, కెమెరా సంగతి ఫిర్యాదులో రాయి.

కేసు కట్టగానే ఎవరినో లాక్కొస్తారని అనుకోకు. కేసు వేరు, అరెస్టు వేరు. ఇంకో సంగతి, ఒకసారి కట్టాక అది నీ కేసు కాదు, ప్రభుత్వం కేసు. నీ స్నేహితుడే చెప్పకుండా తీసుకెళ్లాడని రేపు తేలితే, "వాపసు తీసుకుంటున్నా" అంటే కుదరదు. ఆ సంగతి రాతపూర్వకంగా చెబితే, వాళ్లు పొరపాటు కేసని కోర్టుకి రిపోర్టు పెట్టి మూసేస్తారు.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోపు నీకు తెలియజేయాలి. బండి దొరికితే సంబరపడి స్టేషన్ నుంచి తోలుకొచ్చేయలేవు, అది కేసు సొత్తు. కోర్టులో పిటిషన్ వేసి, పూచీకత్తు ఇచ్చి తాత్కాలికంగా తెచ్చుకోవాలి, కేసు తేలేదాకా అమ్మకూడదు. దొరకకపోతే, కనిపెట్టలేకపోయామని కోర్టుకి తుది రిపోర్టు వేసి నీకు నోటీసు ఇస్తారు. ఇన్సూరెన్సు వాళ్లు నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్ అని అడిగేది ఈ రిపోర్టు గురించే. సరిగా వెతకలేదనిపిస్తే నువ్వు కోర్టులో అభ్యంతరం చెప్పొచ్చు, నోటీసు చదవకుండా సంతకం పెట్టి ఇచ్చేయకు.

రేపు కూడా కట్టకపోతే స్టేషన్‌లో గొడవపడకు. అదే ఫిర్యాదు డిప్యూటీ కమిషనర్‌కి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచు. అక్కడా కదలకపోతే నాగరిక్ సురక్షా సంహిత 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు, దానికి అఫిడవిట్ కావాలి. మెట్టు దాటి నేరుగా కోర్టుకి వెళితే, ముందు పై అధికారికి రాశావా అని అడుగుతారు.

క్రైమ్ నంబరు వచ్చాక తమిళనాడు పోలీసు సైట్‌లో కాపీ కనిపిస్తుందో లేదో చూసి నాకు పంపు. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు ఆర్‌సీ, పాలసీ, బండి రెండు తాళంచెవులూ తీసుకురా. రెండోది ఎక్కడుందో తెలియదంటావేమో, ఇప్పటినుంచే వెతకడం మొదలుపెట్టు. ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది అదే.

ఇట్లు,
మీ మావయ్య
పెరంబూరు, చెన్నై