చార్జరు చెడి ఫోన్ పాడైతే నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న: ఫోన్ కొని ఎనిమిది నెలలైంది. వేరే కంపెనీ చార్జరు విడిగా కొని మూడు నెలలుగా వాడుతున్నాను. ఒక రాత్రి చార్జింగులో ఉండగా కాలిన వాసన వచ్చి ఫోన్ ఆగిపోయింది. ఫోన్ కంపెనీ వారంటీ వర్తించదంటోంది. చార్జరు కంపెనీ కొత్త చార్జరు మాత్రం ఇస్తానంటోంది. నేను ఎవరిని అడగాలి?

జవాబు: మీరు చెప్పిన వివరాలను బట్టి నష్టపరిహారం అడగవలసింది చార్జరు తయారీదారునే. అయితే అందుకు కావలసిన ముఖ్యమైన ఆధారం మీకు ఫోన్ సర్వీస్ సెంటర్ నుంచే రావాలి. కనుక అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఫోన్ వారంటీ సాధారణంగా తయారీలోనూ, వాడిన విడిభాగాలలోనూ ఉన్న లోపాలకే పరిమితం. ఇతర కంపెనీల ఉపకరణాల వల్ల కలిగిన నష్టాన్ని వారంటీ పత్రాలు దాదాపుగా అన్నీ మినహాయిస్తాయి. ఆ మినహాయింపు నష్టానికి సంబంధించినదే తప్ప వేరే చార్జరు వాడినందుకు విధించే శిక్ష కాదు. వేరే చార్జరు వాడారన్న ఒక్క కారణంతో, దానితో సంబంధం లేని స్పీకరు లోపానికి వారంటీ నిరాకరిస్తే ఆ నిరాకరణను ప్రశ్నించవచ్చు. మీ విషయంలో మాత్రం చార్జరుకూ నష్టానికీ సంబంధం కనిపిస్తోంది. అదే చార్జరు ఫోన్ పెట్టెలోనే వచ్చి ఉంటే, రెండింటికీ బాధ్యత ఫోన్ కంపెనీదే అని గట్టిగా వాదించగలిగేవారు.

చార్జరు వారంటీ విషయానికి వస్తే, చార్జరును బాగుచేయడం లేదా మార్చి ఇవ్వడం వరకే తమ బాధ్యత అనీ, దాని పర్యవసానంగా కలిగే నష్టాలకు బాధ్యత లేదనీ అందులో రాసి ఉంటుంది. చాలామంది ఇది చదివి ఆగిపోతారు. కానీ వారంటీ అనేది కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట మాత్రమే. లోపమున్న వస్తువు కొనుగోలుదారు మరో ఆస్తిని పాడుచేస్తే చట్టం విధించే ఉత్పత్తి బాధ్యత దానికి వేరు. చాలా దేశాల చట్టాలు ఈ బాధ్యతను లెక్కించేటప్పుడు లోపమున్న వస్తువుకే కలిగిన నష్టాన్ని పక్కనపెట్టి, అది ఇతర ఆస్తికి చేసిన నష్టాన్ని పరిగణిస్తాయి. విడిగా కొన్న చార్జరు విషయంలో మీ ఫోన్ ఆ ‘ఇతర ఆస్తి’ అవుతుంది. కొన్నిచోట్ల కనీస నష్టం ఇంత ఉండాలన్న నియమం, అన్నిచోట్లా కాలపరిమితి ఉంటాయి కనుక ఆలస్యం చేయకండి.

ఇక అసలు చిక్కు రుజువులోనే ఉంది. సర్వీస్ సెంటరు జాబ్ షీటులో ‘ఫోన్ ఆన్ కావడం లేదు, వారంటీ వర్తించదు’ అని మాత్రమే రాస్తే అది మీకు ఏమాత్రం పనికిరాదు. ఫోన్ తెరిచి చూసినప్పుడు ఏ భాగం పాడైందో, ఉదాహరణకు చార్జింగును నియంత్రించే చిప్, అంటే చార్జింగ్ ఐసీ, అధిక వోల్టేజి వల్ల షార్టయిందనీ, లోపల తడి ఆనవాళ్లు లేవనీ రాసి ఇవ్వమని అడగండి. తడి గురించిన మాట చాలా ముఖ్యం. పోర్టులోకి నీరు చేరిందన్నదే అవతలి పక్షం నుంచి సాధారణంగా మొదట వచ్చే వాదన. ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డు మారిస్తే పాతది అక్కడే ఉండిపోతుంది కనుక, ఈ నివేదిక చేతికి వచ్చేదాకా మరమ్మతుకు ఒప్పుకోకండి.

చార్జరును మళ్లీ ప్లగ్గులో పెట్టకండి. కేబులుతో సహా ఒక సంచిలో భద్రపరచి, దానిపై ముద్రించిన మోడల్, సీరియల్, అవుట్‌పుట్ వివరాలను, కాలిన పిన్నులను, ఫోన్ పోర్టును దగ్గరగా ఫొటోలు తీయండి. రెండింటి బిల్లులూ, ఫోన్ పెట్టెపై ఉన్న ఐఎంఈఐ సంఖ్యా వాటితో కలిపి ఉంచండి. వీలైతే స్వతంత్ర టెక్నీషియన్ చేత చార్జరు వోల్టేజి కొలిపించి, తేదీతో, సంతకంతో నివేదిక తీసుకోండి. యూఎస్‌బీ చార్జరు మామూలుగా 5 వోల్టులే ఇవ్వాలి. ఫాస్ట్ చార్జింగులో 9 వోల్టుల వంటి ఎక్కువ వోల్టేజి ఫోన్ అడిగితేనే రావాలి. ఫోన్ ఏదీ తగిలించకుండానే 9 వోల్టులు చూపిస్తే లోపం చార్జరుదేనని చెప్పడానికి అది బలమైన ఆధారం. చార్జరు బొత్తిగా పనిచేయకపోతే ఈ కొలత సాధ్యం కాదు. అప్పుడు దాన్ని తెరిచి చూడవలసి వస్తుంది కనుక, ఆ పని కంపెనీకి ముందుగా తెలియజేసి చేయించడం మంచిది.

కొత్త చార్జరు ఇస్తామన్న కంపెనీ పాతది వెనక్కి పంపమంటుంది. అలా పంపితే మీ ప్రధాన సాక్ష్యం ఎదుటి పక్షం చేతిలోకి పోతుంది. తనిఖీకి మీ సమక్షంలో చూపిస్తాననీ, వస్తువును మాత్రం నా వద్దే ఉంచుకుంటాననీ రాతపూర్వకంగా బదులివ్వండి. మార్పిడి పత్రంలో ‘ఇక ఎటువంటి క్లెయిమూ లేదు’ అన్న వాక్యం ఉంటే సంతకం చేయకండి. ఆ తరువాత నివేదికల నకళ్లు జతచేసి, ఫోన్ మరమ్మతు ఖర్చు ఇంత అని స్పష్టంగా చెబుతూ, జవాబుకు గడువు పెట్టి చార్జరు కంపెనీకీ, అమ్మినవారికీ ఒకేసారి నోటీసు పంపండి.