ఫొటోలో ఉన్నది నేనా, అక్కా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను 1989 జూన్‌లో పుట్టాను. నా కంటే ముందు ఒక అక్క ఉండేది, 1984లో పుట్టి నాలుగేళ్లకే జ్వరంతో పోయింది. నా చిన్నప్పటి ఫొటో ఒక్కటీ లేదని అమ్మ అంటుండేది. ఇప్పుడు అమ్మ కూడా లేదు. మొన్న కాశీనగర్‌లో పిన్ని ట్రంకుపెట్టెలో అమ్మ ఒడిలో మూడేళ్ల పిల్ల ఉన్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో దొరికింది. పిన్ని "ఓలమ్మా, ఇది నువ్వే కదే" అంది. నాన్న చూసి కళ్లనీళ్లు పెట్టుకుని "మీ అక్క" అన్నారు. ముఖం చూస్తే ఇద్దరికీ అదే పోలిక. నాకు రెండేళ్లప్పుడు కుంపటి తగిలి ఎడమ కాలి పిక్క మీద కాలిన మచ్చ పడింది. ఫొటోలో పిల్లకి మచ్చ లాంటిది ఉంది కానీ కుడి కాలికి. అంటే నేను కాదనేనా? నిద్ర పట్టడం లేదు. ఫొటో ముందు వైపు, వెనక వైపు స్కాన్ చేసి పంపుతున్నాను.

జవాబు: అమ్మా, ముఖం సంగతి పక్కన పెట్టేయండి. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు మూడేళ్ల వయసులో ఒకేలా ఉండడం మామూలే. దాన్ని ఎంతసేపు చూసినా మనసులో ఏది అనుకుంటే అదే కనబడుతుంది.

ముందు మచ్చ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ నిద్ర పోయింది దానివల్లే. మీరు పంపిన స్కాన్‌లో పిల్ల కాలు కాదు, అమ్మగారి భుజం చూడండి. పైట కుడి భుజం మీద ఉంది. మనవాళ్ల కట్టులో పైట ఎడమ భుజం మీదుగా కదా వెళ్లేది. అంటే ఫొటో తిరగబడి ప్రింట్ అయి ఉండొచ్చు. నెగటివ్‌కి ఒక వైపు మెరుపు, ఒక వైపు మసక ఉంటుంది. డార్క్‌రూమ్‌లో మసక వైపు కాగితానికి ఎదురుగా పెట్టాలి. పొరపాటున అటుదిటు పెడితే అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారిపోతాయి, మిగతాదంతా బాగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఫోన్ వల్ల తిరగబడిందేమో అని కూడా చూశాను. అదే ఫోన్‌తో తీసిన వెనక వైపు స్కాన్‌లో అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. అయినా చేతిలో ఉన్న అసలు ప్రింట్‌తో ఒకసారి సరిచూసుకోండి.

పైట ఒక్కదాన్నే నమ్మకూడదు. ఉత్తరాది వాళ్లలా కుడి వైపు నుంచి ముందుకి వేసుకునే వాళ్లూ ఉంటారు. కానీ అమ్మగారి ముంజేతి మీద పచ్చబొట్టు కనబడుతోంది, ఫొటోలో అది ఎడమ చేతికి ఉంది. మీ పిన్నికి ఫొటో చూపించకుండా "అమ్మకి పచ్చబొట్టు ఏ చేతికి ఉండేది?" అని మాత్రం అడగండి. చూపిస్తే ఆవిడ ఫొటోలో చూసిందే చెబుతారు. కుడి చేతికి అంటే ఫొటో తిరగబడినట్టే, అప్పుడు పిల్ల కుడి కాలి మీద ఉన్న మచ్చ నిజానికి ఎడమ కాలిది. ఎడమ చేతికే అంటే ఫొటో సరిగ్గానే ఉన్నట్టు, మీ అనుమానం నిలబడుతుంది.

అసలు అది మచ్చేనా, కాగితం మీద పడిన మరకా అన్నది కూడా తేల్చుకోవాలి. గది చీకటి చేసి టార్చి లైటు ఫొటోకి పక్క నుంచి, దాదాపు కాగితం మీదికి వాల్చినట్టు పట్టండి. గీత, బూజు, గోకుడు అయితే అక్కడ మెరుపు పొర తెగినట్టో ఉబ్బినట్టో కనబడుతుంది. కాలిన మచ్చ బొమ్మలో భాగం, దాని మీద పై పొర నున్నగానే ఉంటుంది. ఇంకొకటి, అది మోకాలికీ మడమకీ మధ్య ఎంత దూరంలో ఉందో చూడండి. మూడో వంతు దగ్గరుంటే మీ కాలి మీద కూడా సుమారుగా అక్కడే ఉండాలి. కాలు పెరిగినకొద్దీ మచ్చ సాగుతుంది, కొంచెం జరుగుతుంది, అందుకని వేలెడు తేడా పట్టించుకోవద్దు.

ఇక వెనక వైపు. నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. ఎప్పుడో ఆల్బమ్‌లో జిగురుతో అంటించి పీకారు, కాగితం పొర ఊడి స్టూడియో ముద్ర సగమే మిగిలింది. ఒడియాలో ఉంది. పైన స్టూడియో పేరు పోయింది, మధ్యలో ఊరి పేరు ఉంది, కింద వరసలో "గ" తరవాత ఒక అక్షరం పైభాగం కనబడుతోంది. మీ ఊరు 1992 అక్టోబరు 2 దాకా గంజాం జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి గజపతి జిల్లా అయింది. గంజాం, గజపతి రెండూ "గ"తోనే మొదలవుతాయి, అదే చిక్కు. ఒడియాలో గంజాం రాస్తే రెండోది జంటాక్షరం, గజపతిలో ఒట్టి "జ". మీరు ఒడియా స్కూల్లో చదివారు కాబట్టి టార్చి పక్క నుంచి వేసి చూస్తే నా కంటే బాగా పోల్చుకుంటారు. నీళ్లు, స్పిరిట్ ఏదీ రాయొద్దు, మిగిలిన సగమూ పోతుంది.

అది గజపతి జిల్లా అయితే ప్రింట్ 1992 అక్టోబరు తరవాతది. లేని జిల్లా పేరుతో ఎవరూ ముద్ర చేయించరు. అప్పటికి మీ అక్క పోయి నాలుగేళ్లు, మీకు మూడేళ్లు దాటాయి. గంజాం అయితే మాత్రం ఏమీ తేలదు. పాత రబ్బరు స్టాంపు అరిగేదాకా వాడే వాళ్లు ఉంటారు, పైగా జిల్లా మారకముందే 1992 జూన్‌కే మీకు మూడేళ్లు నిండాయి. కాబట్టి గంజాం అని కనబడగానే అక్క అని తీర్మానించుకోవద్దు.

గజపతి అని ఉన్నా తొందరపడొద్దు. మీ ఊళ్లో రాజావారి పేరు మీద ఎన్ని దుకాణాలు లేవు! ఆ పదం స్టూడియో పేరులోదేమో చూడాలి. కింది వరసలో, ఊరి పేరు తరవాత ఉంటే, పక్కన "జిల్లా" అన్న మాట ముక్కైనా కనబడితే అది చిరునామా. రెండోది, పాత ఫొటోని మళ్లీ ఫొటో తీసి ప్రింట్ వేయిస్తే దాని మీద కొత్త ముద్రే పడుతుంది. పోయిన పిల్ల ఫొటోకి కాపీ తీయించడం ఇళ్లల్లో జరిగేదే, మా మేనత్త గారింట్లోనూ అలాంటిదొకటి ఉంది. కాపీ అయితే మడతలు, గీతలు కంటికి కనబడతాయి కానీ వేలితో తడిమితే నున్నగా ఉంటుంది. అంచున పాత ఫొటో తెల్లచట్రం నీడలా మిగిలిపోతుంది. చీర అంచు, వెంట్రుకలు మసకబారి ఉంటాయి. మీ స్కాన్‌లో వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయి, నాకైతే అసలు ప్రింటే అనిపిస్తోంది. కానీ ఇది తడిమి చూడాల్సింది, ఆ పని మీరే చేయాలి.

ఇవన్నీ ఒకే వైపు చెబితే, అంటే ఫొటో తిరగబడిందని తేలి, ఎడమ కాలి మచ్చ మీ మచ్చ ఉన్న చోటే ఉండి, ముద్ర గజపతి జిల్లాదై, ప్రింట్ కాపీ కాకపోతే, అది మీరే. మచ్చ ఒక్కటే కలిస్తే నేనైతే ఇంకా ఆగుతాను.

నాన్నగారి దగ్గరికి ఈ లెక్కంతా పట్టుకెళ్లి "మీరు పొరబడ్డారు" అనకండి. ఆయన పెద్ద కూతురి ముఖం చూసి ముప్పై అయిదేళ్లు దాటింది. దొరికిందనుకున్నది మీరు లాక్కున్నట్టవుతుంది. ముందు "అక్కకి ఎప్పుడైనా ఫొటో తీయించారా నాన్నా, ఏ స్టూడియోలో, ఏ గౌను వేశారు?" అని అడిగి వినండి. ఆయన చెప్పే ఫొటో వేరేది అయితే రెండో ఫొటో ఒకటి ఎక్కడో ఉందన్నమాట. పిన్ని పెట్టె అడుగున, మీ అమ్మమ్మ తరఫు వాళ్ల ఆల్బమ్‌లలో వెతకాల్సింది అది. ఆయనకి ఏమీ గుర్తు లేకపోతే ఆ రోజుకి అక్కడితో ఆపేయండి.

తిరగబడిందని తేలితే స్టూడియోలో స్కాన్ ఇచ్చి కుడి ఎడమలు సరిచేసి రెండు ప్రింట్లు వేయించండి. ఒకటి ఆయనకి ఇవ్వండి, పైట సరైన వైపు పడ్డాక అమ్మగారైనా ఆయనకి ఆవిడలా కనబడతారు. అసలు దాని వెనక, ముద్రకి దూరంగా, మెత్తటి పెన్సిల్‌తో మీకు తేలినంత మాత్రం రాయండి: అమ్మ పేరు, ఊరు, ఏ ఏడాది తరవాతదో. పిల్ల పేరు దగ్గర జాగా వదిలి, నాన్నగారితో మాట్లాడాక నింపండి.