హౌస్‌కీపింగ్ కొటేషన్‌లో ఏటా రేటు పెంపు షరతు

“ఆఫీసుకు నెలవారీ హౌస్‌కీపింగ్ కొటేషన్ ఇస్తున్నాను. ఏటా 5 శాతం పెంపు అని రాస్తే చాలా?”

చాలదండీ. 5 శాతం దేనిమీదో రాయకపోతే మూడో ఏడు బిల్లు దగ్గర పేచీ వస్తుంది. నెలకు 1,00,000 అనుకుంటే రెండో ఏడు 1,05,000. అక్కడిదాకా గొడవ లేదు. మూడో ఏడు మొదటి రేటుమీద లెక్కిస్తే 1,10,000, కిందటి ఏటి రేటుమీదైతే 1,10,250. అందుకే ఇలా రాయండి: “ఒప్పందం మొదలైన తేదీ నుంచి ప్రతి 12 నెలలు పూర్తయ్యాక, అప్పటికి అమల్లో ఉన్న నెలవారీ రేటు 5 శాతం పెరుగుతుంది. పన్నులు అదనం.”

కనీస వేతనం మధ్యలో పెరిగితే ఆ తేడా వేరుగా కలుపుతామని ఇంకో వాక్యం పెట్టండి. అందుకు జీతాలు, సామాను, సర్వీస్ ఛార్జి విడివిడిగా చూపించాలి. ఒకే మొత్తం ఇస్తే తేడా ఎంతో చూపలేరు. అలా కలిపిన ఏడాది జీతాల భాగానికి 5 శాతం వర్తించదని కూడా చేర్చండి, లేదంటే రెండుసార్లు పెంచారంటారు.