‘కాబట్టి’ ఏ వాక్యానికి చెందుతుంది?

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు పరీక్షలో ‘బికాజ్ ఇట్ రెయిన్డ్, సో వుయ్ స్టేడ్ హోమ్’ అని రాస్తే టీచరు ‘సో’ కొట్టేసి అర మార్కు తగ్గించారు. ‘ఎందుకంటే వాన పడింది, కాబట్టి ఇంట్లోనే ఉన్నాం’ అని తెలుగులో అంటాం కదా, ఇంగ్లీషులో ఎందుకు తప్పు అని నన్నడిగింది. నాకు జవాబు తోచలేదు. అసలు తెలుగులోనైనా అది ఒప్పేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: తెలుగులోనూ అది ఒప్పు కాదమ్మా. ముందు తెలుగు సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే ఇంగ్లీషు తప్పు పుట్టింది అక్కడే.

‘కాబట్టి’ని పాత పుస్తకాల్లో ‘కాఁబట్టి’ అని అరసున్నతో రాసేవారు. ఆ అరసున్నే ఈ మాట పుట్టుక చెబుతుంది. ‘అగు’ ధాతువుకు ‘కాన్’ అనే రూపం ఉంది. చేయన్, రాన్ వంటిదే. దానికి ‘పట్టి’ చేరితే ‘న్’ అరసున్నగా మిగిలి, సరళాదేశం వచ్చి ‘ప’ ‘బ’గా మారి ‘కాఁబట్టి’ అయింది. ఇందులో బలమంతా ‘పట్టి’లో ఉంది. మాటను పట్టి మనిషిని అంచనా వేస్తాం, పంటను పట్టి అప్పు తీరుస్తాం అంటాం. ఒకదాన్ని ఆధారంగా పట్టుకుని ఇంకోదాని దగ్గరకు వెళ్లడం ఆ ‘పట్టి’ చేసే పని.

ఈ ‘పట్టి’ ఒక్క ‘కా’ మీదే కాదు, ఏ క్రియ మీదైనా వాలుతుంది. ‘నువ్వు చెప్పబట్టి తెలిసింది’, ‘డాక్టరు వేళకు రాబట్టి బతికాడు’, ‘వాన పడబట్టి ఇంట్లో ఉండిపోయాం’. ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఇలాగే అంటారు. ఇంత కుదురైన ప్రయోగాన్ని రాతలో వదిలేసి ప్రతిచోటా ‘కారణంగా’, ‘కారణం చేత’ అని సాగదీస్తున్నాం. పిల్లల పుస్తకాల్లో ‘పడబట్టి’ ఒక్కసారైనా కనిపిస్తే బాగుండునని నాకు ఎప్పటి నుంచో కోరిక.

‘పట్టి’ అర్థం మనసులో ఉంటే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ‘లైటు వెలుగుతోంది కాబట్టి ఇంట్లో ఎవరో ఉన్నారు’ అనవచ్చు. ‘లైటు వెలగడం వల్ల ఇంట్లో ఎవరో ఉన్నారు’ అంటే అర్థం చెడుతుంది. లైటు వెలగడం మనుషులు ఉండడానికి కారణం కాదు, మనం ఊహించడానికి ఆధారం మాత్రమే. ‘వల్ల’ కారణానికే సరిపోతుంది. ‘కాబట్టి’ కారణానికీ, ఆధారానికీ కూడా సరిపోతుంది.

ఇప్పుడు మీ అమ్మాయి వాక్యానికి వస్తాను. ‘వాన పడింది కాబట్టి ఇంట్లోనే ఉన్నాం.’ ఇందులో ‘కాబట్టి’ ఎటు చేరుతుంది? ‘పడబట్టి’ని చూస్తే తెలిసిపోతుంది, అది వానకు తోకగా అతుక్కున్న మాట. అయితే మాట్లాడేటప్పుడు ‘వాన పడింది’ దగ్గర ఊపిరి తీసుకుని, ‘కాబట్టి ఇంట్లోనే ఉన్నాం’ అని కూడా అంటాం. అప్పుడు అదే మాట రెండో వాక్యానికి తల అవుతుంది. ఇంగ్లీషులో మొదటి పనికి ‘బికాజ్’ ఉంది, రెండో పనికి ‘సో’ ఉంది. మనకు రెంటికీ ఒకటే మాట, ఎక్కడ ఆగామన్నదే తేడా. ఇంగ్లీషు రాస్తున్న తెలుగు పిల్ల కారణం చెబుతున్నానని మొదట ‘బికాజ్’ పెడుతుంది. నడిమధ్యకు వచ్చేసరికి మనసులోని ‘కాబట్టి’ ఎదురవుతుంది. దానికీ ఒక ఇంగ్లీషు మాట పెట్టాలనిపించి ‘సో’ రాస్తుంది. ఒక్క ‘కాబట్టి’ని రెండుసార్లు అనువదించిందన్నమాట.

ఇంగ్లీషులో అది ఎందుకు కుదరదంటే, ‘బికాజ్’ తగిలిన వాక్యం సొంతంగా నిలబడదు, పక్కన ఒక పూర్తి వాక్యం ఉండాలి. ‘సో’ తనకు ముందు పూర్తి వాక్యం ఉండాలంటుంది. రెండూ పెడితే మొదటిది ‘బికాజ్’ వల్ల అసంపూర్ణమైపోతుంది, ‘సో’కు ఆనడానికి ఏమీ మిగలదు. ఏదో ఒకటి తీసేస్తే చాలు. ‘బికాజ్ ఇట్ రెయిన్డ్, వుయ్ స్టేడ్ హోమ్’, లేదా ‘ఇట్ రెయిన్డ్, సో వుయ్ స్టేడ్ హోమ్’. టీచరు ‘సో’ కొట్టేశారు, ‘బికాజ్’ కొట్టేసినా సరిపోయేదని అమ్మాయికి చెప్పండి. ‘ఆల్దో’ పెట్టి మళ్లీ ‘బట్’ పెట్టడమూ ఇదే జబ్బు.

అలాగని జంటగా వాడడం లోకంలో లేని పాపమని అనను. సంస్కృతంలో ‘యస్మాత్’ అంటే ‘తస్మాత్’ అనడం మామూలే. హిందీలో ‘చూంకి’ తర్వాత ‘ఇస్‌లియే’ వస్తుంది. చైనా భాషలో కారణానికి ఒక మాట, ఫలితానికి ఒక మాట ఒకే వాక్యంలో రావడం మంచి వ్యాకరణమే. ఇంగ్లీషులోనూ 1611 నాటి బైబిలు అనువాదంలో, 91వ కీర్తన 14వ వచనం ‘బికాజ్’తో మొదలై మధ్యలో ‘దేర్‌ఫోర్’ అంటుంది. అదే చోట మన తెలుగు బైబిలు ‘అతడు నన్ను ప్రేమించుచున్నాడు గనుక నేనతని తప్పించెదను’ అని ఒక్క ‘గనుక’తో సరిపెట్టింది. అక్కడి రెండు మాటల పని మన దగ్గర ఒక్క మాట చేస్తుందనడానికి ఇంతకన్నా చక్కని సాక్ష్యం నాకు కనబడలేదు. నేటి ఇంగ్లీషు మాత్రం ‘బికాజ్’, ‘సో’ జంటను ఒప్పుకోదు. పరీక్షలో దాన్నే పాటించాలి.

ఇక ‘ఎందుకంటే’. ఇది ‘ఎందుకు అంటే’. ఎదుటివాడు అడగబోయే ప్రశ్నను మనమే వేసుకుని జవాబు చెప్పడం. సంగతి ముందు చెబితేనే కదా ‘ఎందుకు’ అని అడిగేది! ‘ఇంట్లోనే ఉన్నాం. ఎందుకంటే వాన పడింది.’ ఇది సరైన వరుస. సంగతి చెప్పకుండానే ‘ఎందుకంటే వాన పడింది’ అని మొదలుపెడితే ప్రశ్న గాలిలో వేలాడుతుంది. టీవీల్లో కొందరు కారణం లేకపోయినా ప్రతి వాక్యాన్నీ ‘ఎందుకంటే’తో మొదలుపెడుతున్నారు. తర్వాతి మాట తట్టేదాకా ఊతపదంగా వాడుతున్నారు. విని విని పిల్లలకూ అదే అలవాటవుతోంది. ఇది మానుకోవలసిన అలవాటు.

మరి ‘నేను రాలేదు, ఎందుకంటే జ్వరం వచ్చింది కాబట్టి’ అంటే? ఇక్కడ నేను కొంచెం తగ్గుతాను. ‘ఎందుకు రాలేదు?’ అంటే ‘జ్వరం వచ్చింది కాబట్టి’ అని జవాబు చెబుతాం. ప్రశ్న ‘ఎందుకంటే’లో ఉంది, జవాబు ‘కాబట్టి’తో ముగిసింది. ‘కాబట్టి’ తోకగానే ఉంది, తలగా మారలేదు. మాటల్లో దీన్ని తప్పనడానికి నాకు మనసొప్పదు. రాతలోనైతే ఒకటి తీసేస్తాను.

రెండు మాటలూ దగ్గర దగ్గరగా వచ్చి కూడా వాక్యం చెడని చోటు ఒకటుంది. ‘అతను రేపు రాడు. ఎందుకంటే వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదు. కాబట్టి మీటింగు ఎల్లుండికి మార్చాం.’ ఇక్కడ ‘ఎందుకంటే’ వెనక చెప్పిన రాకపోవడాన్ని చూస్తోంది, ‘కాబట్టి’ ముందు రాబోయే మార్పును చూస్తోంది. సంగతులు మూడున్నాయి, రెండు మాటలకూ పని ఉంది. మీ అమ్మాయి వాక్యంలో వాన, ఇంట్లో ఉండడం అని రెండే సంగతులున్నాయి. వాటిని కలపడానికి ఒక్క మాట చాలు. రాసిన వాక్యంలో సంగతులెన్నో లెక్కపెట్టి చూసుకోమనండి, తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా.