టెక్ సందేహాలు: ఈఆర్‌పీ యూఏటీ కాగితంపై సంతకం ఎప్పుడు పెట్టొచ్చు?

ప్రశ్న: చెన్నై అంబత్తూరులో ఆటో విడిభాగాల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఏప్రిల్ 1న ట్యాలీ నుంచి, అన్ని విభాగాల పనీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌కు మారుతున్నాం. సాఫ్ట్‌వేర్ వాళ్లు పెద్ద ఎక్సెల్ షీటు పంపి, యూఏటీ, అంటే వాడేవాళ్లే చేసే అంగీకార పరీక్ష, చేసి సంతకం పెట్టమంటున్నారు. అందులో అన్నీ ‘పీవో సేవ్ అవుతోందా?’, ‘ప్రింట్ వస్తోందా?’ లాంటివే. ఇది చాలుతుందా అండీ? టెస్టులు ఎలా రాయాలి, తప్పులు ఎలా పట్టికలో పెట్టాలి, ఏం చూసుకుని సంతకం పెట్టాలి?

జవాబు: చాలదండి. బటన్ నొక్కితే సేవ్ అవుతోందా లేదా అన్నది వాళ్లు తమ ఆఫీసులోనే చూసుకుని రావాల్సిన పని. మీరు చూడాల్సింది ఒక లావాదేవీ స్టోర్స్‌లో మొదలై, క్వాలిటీ దాటి, మీ లెడ్జర్‌లోకి సరైన అంకెతో చేరుతోందా అన్నది. కాబట్టి టెస్టు అడుగులు రాసే స్క్రిప్టును స్క్రీన్ల వారీగా కాకుండా లావాదేవీ వారీగా రాయండి. అది కూడా అన్నీ సవ్యంగా జరిగే లావాదేవీ కాదు, మీ గోడౌన్‌లో వారానికోసారైనా జరిగే గజిబిజి లావాదేవీ.

కొనుగోలు వైపు ఒకటి రాసి చూద్దాం. బెంగళూరు పీణ్యాలోని సప్లయర్‌కు 100 బుష్‌లకు, ఒక్కోటి రూ.250 చొప్పున పీవో, అంటే కొనుగోలు ఆర్డరు, ఇచ్చారు. సరుకు వేరే రాష్ట్రం నుంచి వస్తుంది కాబట్టి 18 శాతం ఐజీఎస్టీ పడాలి, సీజీఎస్టీ-ఎస్‌జీఎస్టీగా చీలకూడదు. పీవో మొత్తం రూ.25,000, పన్ను రూ.4,500, కలిపి రూ.29,500. లారీలో వచ్చినవి 96. క్వాలిటీ వాళ్లు 6 తిప్పికొట్టారు. సప్లయర్ బిల్లు మాత్రం 100కే వచ్చింది.

స్క్రిప్టులో ప్రతి అడుగు పక్కన ‘రావాల్సిన ఫలితం’ అంకెతో సహా ముందే రాసిపెట్టండి. సరుకు అందినట్టు రాసే జీఆర్‌ఎన్ వేశాక 96 తనిఖీ స్టాకులో కనిపించాలి, వాడకానికి ఒక్కటీ దొరకకూడదు. తనిఖీ ముగిశాక వాడుకునే స్టాకు 90, దాని విలువ రూ.22,500. బిల్లు ఎక్కించగానే పరిమాణం తేడా ఉందని సిస్టమ్ చెల్లింపును ఆపేయాలి. 10 బుష్‌లకు రూ.2,500, పన్ను రూ.450 కలిపి రూ.2,950కి డెబిట్ నోట్ వేశాక, సప్లయర్‌కు ఇవ్వాల్సింది రూ.26,550, ఐజీఎస్టీ క్రెడిట్ రూ.4,050 తేలాలి. ఈ అంకెలు టెస్టు మొదలవక ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే స్క్రీన్ మీద ఏ అంకె కనిపించినా, మధ్యాహ్నం మూడింటికి అలసిపోయిన మనిషికి అది సరిగ్గానే అనిపిస్తుంది.

ఇందులోనే ఒక మెలిక ఉంది. తిప్పి పంపిన 6 బుష్‌లు పీవోలో మళ్లీ ‘రావాల్సినవి’గా తెరుచుకోవాలా, లేక మూసుకుపోవాలా? రాని 4 మాత్రమే మిగలాలా, 10 మిగలాలా? దీనికి సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర జవాబు ఉండదు, మీ కొనుగోలు విభాగమే తేల్చాలి. యూఏటీలో ఇలాంటివి బయటపడితే అది తప్పు కాదు, మిగిలిపోయిన నిర్ణయం. వాటిని తప్పుల పట్టికలో కలపకుండా విడిగా రాసుకోండి.

టెస్టు చేసేది ఆ పని రోజూ చేసే మనిషే అయి ఉండాలి, తన సొంత లాగిన్‌తోనే చేయాలి. అడ్మిన్ లాగిన్‌తో అన్నీ పాస్ అవుతాయి. ఏప్రిల్ 1 ఉదయం స్టోర్స్ కుర్రాడి స్క్రీన్ మీద ‘అనుమతి లేదు’ అని వస్తుంది. అడ్డుకోవాల్సినవి అడ్డుకుంటోందా అని కూడా చూడాలి: అదే బిల్లు నంబరు రెండోసారి ఎక్కించడం, పీవో వేసినవారే దాన్ని ఆమోదించడం, మూసిన నెల తేదీతో ఎంట్రీ వేయడం.

ఇక తప్పుల నమోదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. అమ్మకం ఇన్‌వాయిస్‌కు సిస్టమ్ `AMB/2026-27/00001` అనే నంబరు ఇస్తోందనుకోండి. ప్రింట్ చక్కగా వస్తుంది, అకౌంటింగ్ ఎంట్రీ సరిగ్గా పడుతుంది. కానీ లెక్కపెడితే 17 అక్షరాలు. జీఎస్టీ నియమాల్లో రూల్ 46 ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు. ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ దాన్ని తిప్పికొడుతుంది. మీ టర్నోవర్ రూ.5 కోట్లు దాటి ఉంటే, ఆ పోర్టల్ ఇచ్చే ఐఆర్‌ఎన్ నంబరు లేనిదే బిల్లు చెల్లదు, బండి గేటు దాటదు.

దీన్ని ‘ఇన్‌వాయిస్ పని చేయడం లేదు’ అని రాస్తే వారం తిరుగుతుంది. స్క్రిప్టు నంబరు, అడుగు, ఏ లాగిన్, ఎక్కించిన డేటా, రావాల్సింది ఏమిటి, వచ్చింది ఏమిటి, పోర్టల్ ఇచ్చిన ఎర్రర్ సందేశం స్క్రీన్‌షాట్, ఇవన్నీ రాయండి. తీవ్రతకు మూడు మెట్లు చాలు. వ్యాపారం ఆగిపోయేది, లేదా లెక్క తప్పుగా పడేది మొదటిది. చేత్తో వేరే దారిలో నెట్టుకురాగలిగేది రెండోది. కంటికి నచ్చనిది మూడోది. పై ఉదాహరణ నిస్సందేహంగా మొదటిది. రోజూ ఒకే వేళకు అరగంట కూర్చుని ఆ రోజు వచ్చినవాటి తీవ్రత తేల్చండి. ఆ తేల్చే అధికారం మీ వైపు ఉండాలి. ‘ఇది తప్పు కాదు, కొత్త కోరిక, అదనపు ఖర్చు’ అని వాళ్లంటే, మొదట్లో ఇరువైపులా సంతకం చేసిన అవసరాల పత్రం తెరిచి చూడండి. అందులో ఉంటే తప్పే.

సరిచేశామని వాళ్లు చెప్పగానే మూసేయకండి. కనిపెట్టినవారే మళ్లీ నడిపి చూసి మూయాలి. నంబరును `AMB/26-27/00001`కి మార్చితే 15 అక్షరాలవుతాయి, సరే. కానీ ఆ నంబరును వాడుకునే క్రెడిట్ నోట్, ఈ-వే బిల్లు, జీఎస్‌టీఆర్-1 రిపోర్టు కూడా మళ్లీ నడపాలి. ఒకచోట సరిచేస్తే పక్కన ఊడేది ఇక్కడే.

సంతకం సంగతికొస్తే, ‘95 శాతం పాస్’ అన్న షరతు ఒప్పుకోవద్దు. మిగిలిన ఐదు శాతంలో జీఎస్టీ రిపోర్టే ఉండొచ్చు. షరతులు ఇలా రాయించండి: అన్ని స్క్రిప్టులూ నడిచి ఉండాలి. మొదటి మెట్టు తప్పులు సున్నా. రెండో మెట్టువి మిగిలితే ప్రతిదానికీ ఈలోగా చేత్తో ఎలా నెట్టుకొస్తారో, ఏ తేదీకి సరిచేస్తారో రాసి, ఆ విభాగాధిపతి సంతకం ఉండాలి. ట్యాలీ నుంచి తెచ్చిన డేటాలో ట్రయల్ బ్యాలెన్స్, పార్టీ వారీ బాకీలు, స్టాకు విలువ రూపాయితో సహా సరిపోవాలి. సగం సరుకు అందిన పాత పీవోలను ప్రత్యేకంగా చూడండి, అవి మొత్తం పరిమాణంతో దిగుమతి అయిపోవడం మామూలే. కొనుగోలు, స్టోర్స్, అమ్మకాలు, అకౌంట్స్ విభాగాలు వేర్వేరుగా సంతకం పెట్టాలి. చాలా ఒప్పందాల్లో వాళ్ల తర్వాతి వాయిదా సొమ్ము ఈ సంతకానికే ముడిపడి ఉంటుంది, ఆ తొందర అందుకే.

తేదీలు ఏప్రిల్ 1 నుంచి వెనక్కి లెక్కేయండి. మార్చి చివరి రెండు వారాలు సంవత్సరాంతపు పనికే చాలవు కాబట్టి యూఏటీ మార్చి 15కల్లా ముగియాలి. మొదటి రౌండుకు రెండు వారాలు, సరిచేయడానికి ఒక వారం, తాజా డేటాతో రెండో రౌండుకు ఒక వారం. అంటే ఫిబ్రవరి మధ్యలో మొదలుపెట్టాలి, స్క్రిప్టులు జనవరిలోనే రాసి ఉండాలి.

టెస్టు సర్వర్ ఈ-ఇన్‌వాయిస్ పరీక్షల కోసం ఉన్న శాండ్‌బాక్స్ పోర్టల్‌కే కలిసి ఉందో లేదో మొదటి రోజే చూడండి. పొరపాటున అసలు పోర్టల్‌కు కలిసి ఉంటే ఉత్తుత్తి బిల్లులకు నిజమైన ఐఆర్‌ఎన్‌లు పుడతాయి, పోర్టల్‌లో వాటిని రద్దు చేయడానికి 24 గంటలే గడువు. అదే కనెక్షన్‌ను ఏప్రిల్ 1న అసలు పోర్టల్‌కు మార్చాలి. ఆ మార్పు యూఏటీలో పరీక్షకు అందదు. అందుకని ఆ రోజు మొదటి బిల్లు ఒక్కటే వేసి, ఐఆర్‌ఎన్, క్యూఆర్ కోడ్ వచ్చాయని చూసుకున్నాకే మిగతావాటికి వెళ్లండి.