ఎంత ఎక్కినా తరగని మెట్ల కల

ఎంత ఎక్కినా మెట్లు అయిపోవు, కాళ్లు లాగేస్తాయి. ఈ కల తరచూ ఎందుకు వస్తోంది?

పగటి టెన్షన్ రాత్రి కలలోకి రావడం మామూలే. నా ఉద్దేశంలో ఇక్కడ చూడాల్సింది ఎత్తు కాదు, చివర కనిపించకపోవడం. ఉదాహరణకు, మంచాన పడిన తల్లిని చూసుకునేవారికి ఈ పూట పని ముగిసినా రేపు మళ్లీ మొదటికే వస్తుంది. "ఎక్కడ ఆగాలి?" అన్న ప్రశ్నకు జవాబు లేని అలసట అది. అలాంటప్పుడు కల అర్థం వెతకడం కన్నా, వారానికి రెండు పూటలైనా ఆ పని ఇంకొకరికి అప్పగించడం మేలు.

కాళ్లు కదలనట్టు అనిపించడానికి శరీరం కూడా కారణం కావచ్చు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో చేతులు, కాళ్ల కండరాలు దాదాపు పనిచేయవు.

అయితే ఊపిరాడక మెలకువ వస్తున్నా, గట్టి గురక, పొద్దున్నే తలనొప్పి, పగలు నిద్రమత్తు ఉన్నా అది నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే స్లీప్ ఆప్నియా కావచ్చు. డాక్టరుకు చూపించుకోండి.